అద్దె భవనంలో మరమ్మతు, మెరుగుదల: లాభం లెక్కలో ఏది ఎటు చేరుతుంది

చెన్నై టీ నగర్‌లో ఒక పాత భవనాన్ని తొమ్మిదేళ్ల లీజుకు తీసుకుని ఆంధ్ర భోజన హోటలు నడుపుతున్న ఒక భాగస్వామ్య సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. ఈశాన్య రుతుపవనాల వానకు మేడ కారింది, వంటగది గోడలు చెమ్మగిల్లాయి, పాత వైరింగు ఒకటి రెండు చోట్ల కాలిపోయింది. ఎలాగూ పనివాళ్లు వస్తున్నారు కదా అని భాగస్వాములు మేడ మీద రేకుల కప్పుతో కొత్త ఏసీ భోజనశాల కూడా కట్టించారు. 2025 డిసెంబరులో మొదలైన పని సంక్రాంతి నాటికి పూర్తయింది. మొత్తం ఖర్చు 16 లక్షల రూపాయలు. కాంట్రాక్టరు ఇచ్చిన బిల్లులో ‘హోటలు రిపేరు, రెనోవేషన్ పనులు’ అన్న ఒక్క పంక్తి తప్ప మరేమీ లేదు. ఈ 16 లక్షలను ఆ ఏడాది లాభంలోంచి పూర్తిగా తీసివేయవచ్చా, లేక కొంత భాగాన్ని ఆస్తిగా చూపి ఏటా తరుగుదల మాత్రమే తీసుకోవాలా అన్నది ఇక్కడి ప్రశ్న.

వ్యాపారంలో పెట్టే ప్రతి ఖర్చూ ఏదో ఒక రోజు లాభాన్ని తగ్గిస్తుంది గానీ, ఎప్పుడు తగ్గిస్తుందన్న దగ్గరే తేడా వస్తుంది. రెవెన్యూ వ్యయమైతే పెట్టిన ఏడాదే మొత్తం తీసివేత దొరుకుతుంది. మూలధన వ్యయమైతే అది ఆస్తి విలువలో కలిసి, తరుగుదల రూపంలో కొద్దికొద్దిగా మాత్రమే లాభంలోంచి పోతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో భవనం మరమ్మతులకు సెక్షన్ 30, యంత్రాలు, ఫర్నిచర్ మరమ్మతులకు సెక్షన్ 31, వీటిలో ఇమడని వ్యాపార ఖర్చులకు సెక్షన్ 37(1) ఉన్నాయి. ఈ మూడింటిలోనూ మూలధన స్వభావం ఉన్న ఖర్చుకు చోటు లేదు. సెక్షన్ 37(1)లో ఆ మాట మొదటి నుంచీ ఉంది, 30, 31లకు 2003 ఫైనాన్స్ చట్టం వివరణ రూపంలో దాన్ని జోడించింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ ఈ విభజన అలాగే నిలిచింది. పై ఉదాహరణలోని పని 2025-26 ఆర్థిక సంవత్సరంలో జరిగింది కాబట్టి దానికి పాత చట్టం, పాత సంఖ్యలే వర్తిస్తాయి.

ఖర్చు పెద్దదైతే మూలధనమని, చిన్నదైతే మరమ్మతు అని చాలామంది అనుకుంటారు. చాలా ఏళ్లు మన్నే పని ఏదైనా మూలధనమేనన్న అభిప్రాయమూ ఉంది. ఈ రెండూ నమ్మదగిన కొలతలు కావు. మేడ మీద పాడైపోయిన కప్పును బాగుచేస్తే అది ఇరవై ఏళ్లు మన్నవచ్చు, అయినా అది మరమ్మతే. వేల రూపాయల్లో కొన్న చిన్న గ్రైండరు నాలుగేళ్లకే పాడైపోవచ్చు, అయినా అది ఆస్తే. దీర్ఘకాలిక ప్రయోజనం ఉందా లేదా అన్న పరీక్ష ఒక్కటే అన్ని సందర్భాలనూ తేల్చలేదని ఎంపైర్ జ్యూట్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. మరమ్మతుల విషయంలో ఇంతకంటే ఉపయోగపడే సూత్రాన్ని 1956లో న్యూ షోరాక్ మిల్లు కేసులో బొంబాయి హైకోర్టు ఇచ్చింది: అప్పటికే ఉన్న ఆస్తిని కాపాడి, నిలబెట్టడానికి పెట్టిన ఖర్చు మరమ్మతు అవుతుంది, కొత్త ఆస్తినో కొత్త ప్రయోజనాన్నో తెచ్చిపెట్టే ఖర్చు కాదు. తర్వాత వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులు ఈ సూత్రాన్నే ఆధారంగా చేసుకున్నాయి.

ఈ సూత్రం చూడటానికి తేలికగా ఉన్నా, అన్వయించేటప్పుడు ‘ఆస్తి’ అంటే ఏది అన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకోవాలి. వివాదాల్లో ఎక్కువ భాగం నిజానికి ఇక్కడే పుడతాయి. తమిళనాడు నూలు మిల్లుల కేసులు దీనికి మంచి నిదర్శనం. సరవణ స్పిన్నింగ్ మిల్స్ సంస్థ నూలు వడికే పాత రింగ్ ఫ్రేములను తీసివేసి కొత్తవి పెట్టి, ఆ ఖర్చును యంత్రాల మరమ్మతుగా చూపింది. మిల్లు మొత్తం ఒకే ప్లాంటు అని, రింగ్ ఫ్రేము అందులో ఒక భాగమని, భాగాన్ని మార్చడం మరమ్మతేనని దాని వాదన. మద్రాసు హైకోర్టు మిల్లు పక్షాన నిలిచింది గానీ సుప్రీంకోర్టు 2007లో ఆ తీర్పును తోసిపుచ్చింది. మిల్లులో ఒక్కో యంత్రం తన పని తాను విడిగా చేస్తుందని, ఒక్కో విభాగం నుంచి వచ్చే ఉత్పత్తి వేరని, కాబట్టి రింగ్ ఫ్రేము స్వయంగా ఒక యంత్రమని, దాన్ని పూర్తిగా మార్చడం మరమ్మతు కాదని కోర్టు తేల్చింది. అదే రింగ్ ఫ్రేములో అరిగిన స్పిండిళ్లు, బేరింగులు మార్చి ఉంటే జవాబు వేరుగా ఉండేది. పాత భాగాలు మార్కెట్లో దొరకని పరిస్థితిని కూడా కోర్టు మినహాయింపుగా గుర్తించింది. దీనికి ముందు, 1967లో మహాలక్ష్మి టెక్స్‌టైల్ మిల్స్ కేసులో, అరిగిపోయిన పాత భాగాల స్థానంలో కాసాబ్లాంకా అనే నూలు వడికే పద్ధతి భాగాలు అమర్చిన ఖర్చును మరమ్మతుగానే అనుమతించారు.

సరవణ తీర్పును హోటలు వంటగదికి అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. ఇడ్లీ పిండి రుబ్బే పెద్ద వెట్ గ్రైండరుకు మోటారు వైండింగు కాలిపోతే తిరిగి చుట్టించడం, ఫ్రిజ్‌కు కంప్రెసరు మార్చడం మరమ్మతులు, ఎందుకంటే గ్రైండరు గ్రైండరుగానే, ఫ్రిజ్ ఫ్రిజ్‌గానే మిగిలాయి. పాత గ్రైండరును తీసేసి కొత్తది కొంటే మాత్రం ‘వంటగది’ అనే పెద్ద యూనిట్‌లో అది చిన్న భాగమే కదా అన్న వాదన నిలవదు. వంటగదిలో గ్రైండరు, స్టవ్వు, ఫ్రిజ్ ఒక్కొక్కటీ విడివిడిగా పనిచేసే వస్తువులే. ఉదాహరణ సంస్థ 16 లక్షల్లో లక్ష రూపాయలు ఈ యంత్రాలకు వెచ్చించిందనుకుంటే, వైండింగుకు, కంప్రెసరుకు అయిన 40,000 రూపాయలు మరమ్మతులోకి, కొత్త గ్రైండరు ధర 60,000 రూపాయలు ఒకే తరుగుదల రేటున్న యంత్రాలను కలిపి లెక్కించే బ్లాకులోకి వెళ్తాయి.

భవనం సంగతి దీనికంటే సున్నితమైనది, ఎందుకంటే భవనం విషయంలో యూనిట్ మొత్తం భవనమే అవుతుంది. మేడ కప్పు, తలుపు, డ్రెయినేజీ పైపు ఏవీ విడి ఆస్తులు కావు. చెన్నై పాత ఇళ్ల మేడ మీద కాంక్రీటు స్లాబు పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, దాని మీద పలుచని మట్టి పలకలు అతికించే వెదరింగ్ కోర్స్ ఉంటుంది. అది పగిలితే నీళ్లు లోపలికి దిగి స్లాబులోని ఇనుమును తుప్పు పట్టిస్తాయి. పగిలిన ఆ పొరను తవ్వి తీసి మళ్లీ వేయించడానికి అయిన 2,40,000 రూపాయలు, పెద్ద మొత్తమే అయినా, ఉన్న భవనాన్ని వాననుంచి కాపాడే పనికి పెట్టినవి. ఇందులో కొత్త ఆస్తి ఏదీ రాలేదు. ఇప్పటి మేస్త్రీలు మట్టి పలకలకు బదులు ఎండను తిప్పికొట్టే కొత్త రకం తెల్ల టైల్సు వేశారనుకున్నా జవాబు మారదు. ఈ రోజుల్లో దొరికే సామగ్రితో బాగుచేసినప్పుడు పని కొంత మెరుగ్గా రావడం సహజం, ఆ మాత్రం మెరుగు మరమ్మతును మూలధనంగా మార్చదు. వంటగదిలో పగిలిన టైల్సు, మూసుకుపోయిన డ్రెయినేజీ పైపులు మార్చిన 1,60,000 రూపాయలు, గోడలకు రంగులు వేసిన 80,000 రూపాయలు కూడా ఇదే వరుసలో చేరతాయి.

అదే మేడ మీద కట్టిన రేకుల కప్పు భోజనశాల దగ్గరికి వచ్చేసరికి జవాబు పూర్తిగా తిరగబడుతుంది. అంతకుముందు అక్కడ ఎండా వానా పడే ఖాళీ జాగా ఉండేది, ఇప్పుడు జనం కూర్చుని భోంచేసే గది ఉంది. హోటలుకు ఒకేసారి కూర్చోగలిగే మనుషుల సంఖ్య పెరిగింది. భవనాన్ని పూర్వస్థితికి తేవడం ఇందులో లేదు, పూర్వం లేనిదాన్ని చేర్చడం మాత్రమే ఉంది. దీనికైన 5,20,000 రూపాయలు, అందులో పెట్టిన ఏసీలకు 3,00,000 రూపాయలు మూలధనమే.

వైరింగు ఖర్చు ఈ రెండింటి మధ్య చీలుతుంది. ఎలక్ట్రీషియన్ 2,00,000 రూపాయలకు ఒకే బిల్లు ఇచ్చినా, అందులో 1,20,000 రూపాయల పని కింది అంతస్తులో కాలిపోయిన తీగలు, స్విచ్చుల స్థానంలో కొత్తవి వేయడానికి, మిగిలిన 80,000 రూపాయల పని కొత్త ఏసీల లోడు కోసం మేడకు కొత్త లైను లాగడానికి. మొదటిది మరమ్మతు, రెండోది చేర్పు. ఇలాంటి బిల్లులో రెండు భాగాలనూ విడదీసి చూపలేకపోతే పన్ను అధికారి రిటర్నును పరిశీలించే అసెస్‌మెంటులో మొత్తాన్నీ మూలధనం వైపు నెట్టే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే తీసివేత కోరే వ్యాపారే దాన్ని రుజువు చేసుకోవాలి.

భవనం సొంతం కాదు కదా, పరాయి భవనంలో పెట్టిన ఖర్చు మన ఆస్తి ఎలా అవుతుందన్న సందేహం చాలామంది అద్దెదారులకు వస్తుంది. ఈ సందేహానికి గట్టి ఆధారమే ఉండేది. మద్రాస్ ఆటో సర్వీస్ కేసులో అద్దెదారు సంస్థ 39 ఏళ్ల లీజు మీద పాత భవనాన్ని పడగొట్టి, సొంత ఖర్చుతో కొత్తది కట్టింది. కట్టిన రోజు నుంచే ఆ భవనం యజమానిది. బదులుగా సంస్థకు తక్కువ అద్దెకు వసతి దొరికింది. దాని చేతికి ఏ మూలధన ఆస్తీ రాలేదని, దొరికింది వ్యాపారపరమైన లాభమేనని చెప్పి సుప్రీంకోర్టు 1998లో ఆ ఖర్చంతటినీ రెవెన్యూ వ్యయంగా అనుమతించింది. ఆ తీర్పును ఇప్పటికీ కొందరు ఉటంకిస్తుంటారు గానీ, అది పాత అసెస్‌మెంటు సంవత్సరాలకు సంబంధించింది. 1988-89 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి సెక్షన్ 32కు చేర్చిన మొదటి వివరణ పరిస్థితిని మార్చేసింది. లీజుకు తీసుకున్న భవనంలో అద్దెదారు ఏదైనా కట్టడానికి, లేదా భవనాన్ని నవీకరించడానికి, విస్తరించడానికి, మెరుగుపరచడానికి మూలధన వ్యయం చేస్తే, ఆ మేరకు భవనం అతని సొంతమేనన్నట్టు భావించి తరుగుదల ఇవ్వాలని ఆ వివరణ చెబుతుంది. అందుకే మేడ మీది భోజనశాలకు ఈ రోజు మద్రాస్ ఆటో సర్వీస్ తీర్పు రక్షణ ఇవ్వదు.

అయితే ఈ వివరణను అవసరానికి మించి సాగదీసి చదవడం అసెస్‌మెంట్లలో కనిపించే మరో తప్పు. అందులో ‘నవీకరణ’ అన్న మాట ఉంది కాబట్టి అద్దె భవనంలో జరిగిన ప్రతి పనినీ మూలధనం కిందే వేయాలనడం సరికాదు. ఖర్చు ముందు తన స్వభావం వల్ల మూలధన వ్యయమై ఉండాలి, అప్పుడే వివరణ దాన్ని అందుకుంటుంది. మరమ్మతును మూలధనంగా మార్చే శక్తి ఆ వివరణకు లేదు.

అద్దెదారుకు చట్టం యజమానికంటే ఒక మెట్టు ఎక్కువ వెసులుబాటు కూడా ఇచ్చింది. సెక్షన్ 30లో యజమాని విషయంలో ‘కరెంట్ రిపేర్స్’, అంటే ఎప్పటికప్పుడు చేసే మరమ్మతులు, అని, అద్దెదారు విషయంలో ఉత్త మరమ్మతులని మాత్రమే రాశారు. అంటే యజమాని ఏళ్ల తరబడి వదిలేసి, పేరుకుపోయిన పనంతా ఒకేసారి చేయిస్తే అది ఎప్పటికప్పటి మరమ్మతు కాదన్న అభ్యంతరం రావచ్చు. బల్లిమల్ నవల్ కిషోర్ కేసులో సినిమా హాలు యజమానులు కట్టడాన్ని విస్తృతంగా బాగుచేసి, యంత్రాలు, కుర్చీలు, శానిటరీ సామాను, వైరింగు అన్నీ కొత్తవి వేయించినప్పుడు, అది మొత్తంగా పునర్నిర్మాణమే గానీ ‘కరెంట్ రిపేర్స్’ కాదని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. అద్దెదారుకు ఆ ‘కరెంట్’ షరతు లేదు. అయితే మరమ్మతుల ఖర్చు తానే భరిస్తానని అతను ఒప్పుకొని ఉండాలన్న మరో షరతు ఉంది. లీజు పత్రంలో ఆ వాక్యం లేకపోతే సెక్షన్ 30 తలుపు మూసుకుపోతుంది, వ్యాపార అవసరంగా సెక్షన్ 37(1) కింద వాదించుకోవలసి వస్తుంది. పెద్ద, చిన్న మరమ్మతుల్లో ఏవి ఎవరివో లీజులో రాయించుకోవడం యజమానితో తగాదా రాకుండా ఉండటానికే అనుకుంటారు గానీ, పన్ను లెక్కలోనూ అది మొదటి సాక్ష్యమవుతుంది.

ఇప్పుడు ఉదాహరణ లెక్క పూర్తి చేయవచ్చు. మరమ్మతులుగా నిలిచేవి మొత్తం 6,40,000 రూపాయలు, మూలధనం 9,60,000 రూపాయలు. మూలధనంలో భవనం, వైరింగు కలిసి 6,00,000 రూపాయలకు 10 శాతం, ఏసీలు, గ్రైండరు కలిసి 3,60,000 రూపాయలకు 15 శాతం తరుగుదల రేటు వర్తిస్తుంది. కానీ సంక్రాంతికి వాడుకలోకి వచ్చిన ఆస్తులకు మార్చి 31 నాటికి 180 రోజులు నిండవు కాబట్టి మొదటి ఏడాది సగం రేటే దక్కుతుంది: 30,000 రూపాయలు, 27,000 రూపాయలు, కలిపి 57,000 రూపాయలు. అంటే ఆ ఏడాది లాభంలోంచి తగ్గేది మరమ్మతులతో కలిపి 6,97,000 రూపాయలు. అదే పని సెప్టెంబరులోగా ముగించి వాడుకలోకి తెచ్చి ఉంటే తరుగుదల 1,14,000 రూపాయలు వచ్చేది. మిగిలిన విలువ మీద తరుగుదల తర్వాతి ఏళ్లలో సాగుతూనే ఉంటుంది.

మొత్తం 16 లక్షలనూ మరమ్మతుగా చూపి ఉంటే తీసివేత 9,03,000 రూపాయలు ఎక్కువగా ఉండేది. భాగస్వామ్య సంస్థకు 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు చొప్పున చూస్తే 2,81,736 రూపాయల పన్ను తగ్గినట్టు కనిపించేది. అసెస్‌మెంటులో ఆ పంక్తి బయటపడితే ఈ పన్నుకు వడ్డీ తోడవుతుంది, సరైన వివరణ లేకపోతే సెక్షన్ 270ఏ కింద ఆదాయాన్ని తక్కువగా చూపినందుకు ఆ పన్నులో 50 శాతం జరిమానా కూడా పడవచ్చు. జాగ్రత్త పేరుతో మొత్తాన్నీ మూలధనంలో వేసే ఆడిటర్లూ ఉన్నారు. దానివల్ల శిక్ష రాదు గానీ, 6,40,000 రూపాయల న్యాయమైన తీసివేత ఏళ్ల తరబడి తరుగుదలలో నలుగుతూ వస్తుంది. లాభాలు పలుచగా ఉండే హోటలు వ్యాపారానికి ఆ ఆలస్యం చిన్న నష్టం కాదు.

ఈ విభజన పని పూర్తయ్యాక, మార్చిలో ఖాతాలు మూసేటప్పుడు చేయబోతే సగం సాక్ష్యం అప్పటికే పోయి ఉంటుంది. పగిలిన వెదరింగ్ కోర్స్, కాలిన స్విచ్‌బోర్డు, చెమ్మగిల్లిన గోడ పని మొదలైన మొదటి వారంలోనే చెత్త లారీ ఎక్కుతాయి. వాటిని తీసివేయకముందే తేదీతో ఫోటోలు తీయడం, మరమ్మతు పనికి, కొత్త కట్టడానికి వేర్వేరు వర్క్ ఆర్డర్లు ఇవ్వడం, కాంట్రాక్టరు బిల్లులో ఏ పనికి ఎన్ని చదరపు అడుగులు, ఎంత ధర అన్నది విడివిడిగా రాయించుకోవడం, కప్పు ఎందుకు కారిందో ఇంజనీరు చేత ఒక పేజీ నివేదిక తీసుకోవడం అసెస్‌మెంటు సమయంలో ఏ తీర్పు ప్రతికంటే ఎక్కువ పనిచేస్తాయి. ‘రెనోవేషన్’ అన్న ఒక్క మాటతో వచ్చిన బిల్లు మరమ్మతును కూడా అనుమానంలో పడేస్తుంది. టాక్స్ ఆడిట్ పరిధిలోకి వచ్చే వ్యాపారాల విషయంలో లాభనష్టాల ఖాతాలో వేసిన మూలధన ఖర్చును టాక్స్ ఆడిట్ వివరాల పత్రమైన ఫారం 3సీడీలో ఆడిటరు విడిగా చెప్పాల్సి ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న ఎలాగూ ముందే ఎదురవుతుంది. సెక్షన్ 44ఏడీ కింద టర్నోవరు మీద అంచనా శాతంతో లాభం చూపే చిన్న వ్యాపారులకు మాత్రం ఈ చర్చ అవసరం లేదు, ఎందుకంటే మరమ్మతులూ తరుగుదలా అన్నీ ఆ శాతంలోనే ఇమిడిపోయినట్టు చట్టం భావిస్తుంది.

ఇదే హోటలు ఆ భవనంలో అప్పటికే నడుస్తోంది కాబట్టి పై జవాబులు నిలిచాయి. భాగస్వాములు ఇంకా వ్యాపారమే మొదలుపెట్టకుండా, పాడుబడిన భవనాన్ని లీజుకు తీసుకుని, వాడకానికి తగినట్టు చేయించాకే హోటలు తెరిచి ఉంటే లెక్క మారిపోయేది. వ్యాపారం నెలకొనకముందు పెట్టిన ఖర్చు సాధారణంగా రెవెన్యూ తీసివేతకు అర్హం కాదు. వాడటానికి పనికిరాని ఆస్తిని పనికొచ్చే స్థితికి తెచ్చే తొలి ఖర్చు ఆ ఆస్తిని సంపాదించే ఖర్చులో భాగంగానే కనిపిస్తుంది. నడుస్తున్న హోటలు రెండో శాఖ కోసం చేసే మొదటి మరమ్మతులకు కూడా ఈ రెండో అభ్యంతరం ఎదురుకావచ్చు.

పద్దుల్లో ఏ పేరుతో రాశారన్నది చివరి మాట కాదు. ఖర్చు అసలు స్వభావమే తీసివేతను నిర్ణయిస్తుందని, పద్దు ఎలా రాశారన్నది నిర్ణాయకం కాదని కేదార్‌నాథ్ జ్యూట్ కేసులో సుప్రీంకోర్టు 1971లో చెప్పింది. కాబట్టి పుస్తకాల్లో ఆస్తిగా చూపిన మరమ్మతును పన్ను లెక్కలో మరమ్మతుగా కోరవచ్చు, పుస్తకాల్లో ‘రిపేర్లు’ అని రాసిన కొత్త గది మరమ్మతు కాబోదు. అయితే పొరపాటున మరమ్మతును మూలధనంగా చూపి రిటర్ను దాఖలు చేశాక, అసెస్సింగ్ అధికారికి ఒక ఉత్తరం రాసి కొత్తగా తీసివేత కోరితే కుదరదు. 2006లో గోయెట్జ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు అలాంటి కోరిక సవరించిన రిటర్ను ద్వారానే రావాలి. ఆ గడువు దాటితే అప్పీలులో అడగడం తప్ప దారి ఉండదు, అప్పుడు కూడా అదే ఖర్చు మీద తీసుకున్న తరుగుదలను వదులుకోవాలి.